టీచరమ్మ గారి జ్ఞాపకార్థ కూడికలో ఇచ్చిన సందేశం

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, టీచరమ్మ గారి కుటుంబ సభ్యులారా, మీ అందరికీ వందనాలు.

ముందుగా ఆవిడ కోరిక ఒకటి చెప్పాలి. కిందటేడు నేను చూడటానికి వెళ్తే చెయ్యి పట్టుకుని, "నా కూడికలో ఏడుపు పాటలు పాడించకు నాయనా. నేను వెళ్ళేది మా నాన్న దగ్గరికి" అన్నారు. అందుకే ఇందాకటి నుంచి స్తుతి పాటలే పాడుతున్నాం. కన్నీళ్ళు వస్తే ఆపుకోవద్దు. తుడుచుకుని మళ్ళీ పాడదాం.

86 ఏళ్ళ జీవితం. అందులో 55 ఏళ్ళు ఈ సంఘంలో సండే స్కూలు పిల్లల మధ్యే గడిచాయి. అసలు పేరు సంఘం రిజిస్టరులో ఉంది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్ళు ఎవరూ లేరు. తాతలకీ టీచరమ్మే, మనవలకీ టీచరమ్మే. ఆవిడ దగ్గర కంఠత వాక్యం అప్పజెప్పిన పిల్ల తన కూతుర్ని తెచ్చి అదే చాప మీద కూర్చోబెట్టింది. ఆ కూతురూ తన బిడ్డతో ఇవాళ ఇక్కడే ఉంది, మూడో వరుసలో.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో తబితా అనే శిష్యురాలు కనిపిస్తుంది. యొప్పేలో ఉండేది. గ్రీకులో ఆమెను దొర్కా అనేవారు, లేడి అని అర్థం. ఆమె కాయిలాపడి చనిపోతే మేడగదిలో ఉంచారు. పేతురు వచ్చేసరికి విధవరాండ్రు ఆయన చుట్టూ చేరి, దొర్కా తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలూ వస్త్రాలూ చూపించారు. నాకెప్పుడూ ఆశ్చర్యమే: ఆ అధ్యాయమంతా వెతికినా దొర్కా పలికిన మాట ఒక్కటీ దొరకదు. ఆమె చేసినదే కనిపిస్తుంది, అదీ ఆమె మేలు పొందినవాళ్ళ చేతుల్లో.

ఇవాళ ఈ మందిరంలో మనం చేస్తున్నదీ అదే. ఎవరికి కుట్టిన అంగీని వాళ్ళు తెచ్చుకున్నాం. నాకు కుట్టింది నేను చూపిస్తాను.

నాకు చిన్నప్పుడు నత్తి. మీలో చాలామందికి తెలియదు. బడిలో నా వంతు వచ్చేసరికి కడుపు నొప్పి అనేవాణ్ణి. తొమ్మిదో ఏట సండే స్కూలుకి వచ్చిన మొదటి ఆదివారం టీచరమ్మ గారు బైబిలు నా ముందు పెట్టి 23వ కీర్తన మొదటి వచనం చదవమన్నారు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. వెనకాల ఎవరో నవ్వారు. ఆవిడ అటు ఒక్కసారి చూశారు, నవ్వు ఆగిపోయింది. తర్వాత నా పక్కన కింద కూర్చుని, ఆ అక్షరం కింద వేలు పెట్టి ఉంచారు. నేను పలికేదాకా ఆ వేలు జరగలేదు. పలికాక పక్క అక్షరానికి జరిగింది. నత్తి ఉన్నవాడికి ఎదుటివాళ్ళు తొందరపడి మాట అందించేస్తుంటారు. అది ఎంత నొప్పో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఆవిడ ఒక్కసారి కూడా అందించలేదు. ఒక్క వచనానికి ఆ రోజు క్లాసంతా పట్టింది. చివర్లో "బాగా చదివావు. వచ్చే వారం రెండో వచనం" అన్నారు, అంతే.

ఆరు వచనాల కీర్తనకి ఆరు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు 20 ఏళ్ళుగా ఈ ప్రసంగ వేదిక మీద నిలబడుతున్నాను. ఈరోజుకీ ఏదైనా మాట గొంతులో అడ్డం పడితే, కాగితం మీద ఆ వేలు కనిపిస్తుంది. దేవునికి స్తోత్రం.

ఆవిడ నోటు పుస్తకాల సంగతి మీకు చెప్పాలి. కుటుంబం వాళ్ళు నిన్న నా చేతికిచ్చారు. మొత్తం 11 పుస్తకాలు. క్లాసుకి వచ్చిన ప్రతి బిడ్డ పేరూ ఉంది. పేరు పక్కన చిన్న చిన్న చుక్కలు. ఏమిటా అని చిన్నమ్మాయిని అడిగితే, "తెల్లవారుజామున ఆ పేరు పెట్టి ప్రార్థన చేసిన రోజున అమ్మ ఒక చుక్క పెట్టేది" అంది. కొన్ని పేర్ల పక్కన చోటు చాలక చుక్కలు పేజీ అంచు దాటి వెనక్కి వెళ్ళాయి. అందులో మందిరం విడిచి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లూ ఉన్నాయి. వాళ్ళ చుక్కలు ఎక్కడా ఆగలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఈ గడప తొక్కిన అన్నదమ్ములు కొందరు ఇవాళ ఇక్కడున్నారు. మీ పేజీలు నేను చూశాను. మీరు మాకు దూరమయ్యారు గానీ, ఆవిడకి ఒక్క ఉదయం కూడా దూరం కాలేదు.

మొదటి పుస్తకాల్లో చేతిరాత ఆవగింజలంత. చూపు తగ్గేకొద్దీ అక్షరాలు పెరుగుతూ వచ్చాయి. చివరి పుస్తకంలో పేజీకి నాలుగే పేర్లు, బొటనవేలంత అక్షరాలతో. చూపు పోతోందని ఆవిడ బాధపడగా నేను వినలేదు. "అక్షరాలు పెద్దవి చేసుకున్నాను, సరిపోయింది" అనేవారు. కాళ్ళు సహకరించక క్లాసు మానేశాక కూడా, ఆదివారం గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని వచ్చిన ప్రతి బిడ్డనీ పేరు పెట్టి పిలిచేవారు. కనబడక అడుగుల చప్పుడు బట్టి గుర్తుపట్టేవారు! మందిరం ఊడవడం, తాళం తీయడం, జబ్బుపడినవాళ్ళ దగ్గర రాత్రంతా కూర్చోవడం, ఇవన్నీ మీరే సాక్ష్యాల్లో చెప్పారు. నేను మళ్ళీ చెప్పను.

ఒక్క విషయం కుటుంబానికి చెప్పాలి. అమ్మాయిలూ, బాబూ, ప్రతి ఆదివారం ఉదయం మీ అమ్మని మాకు ఇచ్చేశారు. మీకు జ్వరం వచ్చిన ఆదివారాలు కూడా ఉండి ఉంటాయి. మీకు రావలసిన ఒడిలో మేం కూర్చున్నాం. సంఘం తరఫున మీకు చేతులు జోడించి కృతజ్ఞతలు చెప్తున్నాను.

పేతురు ప్రార్థన చేసి తబితను లేపి, సజీవురాలిగా వాళ్ళకి అప్పగించాడు. మన టీచరమ్మను అలా అప్పగించమని మనం అడగడం లేదు. 55 ఏళ్ళు పిల్లలకి ఎవరి గురించి చెప్పారో, ఆయన్ని ఇప్పుడు ముఖాముఖిగా చూస్తున్నారు. కళ్ళజోడు అక్కర్లేదు. పెద్ద అక్షరాలు అక్కర్లేదు. ఈ సంతోషాన్ని ఆవిడ దగ్గర నుంచి ఎలా వెనక్కి అడుగుతాం?

చివరి పుస్తకంలో చివరి పేరు, మన మధ్య 40 రోజుల కిందట పుట్టిన పాపది. పక్కన తొమ్మిది చుక్కలున్నాయి. పదో చుక్క ఈ ఉదయం ఆ పాప అమ్మమ్మ పెట్టింది. ఆవిడా టీచరమ్మ గారి విద్యార్థే.

క్లాసు మొదట్లో ఆవిడ హాజరు పిలిచేవారు, గుర్తుందా? మనం లేచి "వచ్చానండీ టీచరమ్మా" అనేవాళ్ళం. ఆవిడ దగ్గర ఒక్క వాక్యమైనా నేర్చుకున్నవాళ్ళు, వయసుతో పని లేదు, దయచేసి లేచి నిలబడండి. వెనక వరండాలో ఉన్నవాళ్ళు కూడా. చూడండి, ఎంతమందిమో! ఇప్పుడు చేతులెత్తి ప్రార్థన చేద్దాం.

పరలోకమందున్న మా తండ్రీ, మాకు ఈ తల్లినిచ్చినందుకు నీకు స్తోత్రం. ఆమె నేర్పిన ప్రతి వాక్యం కోసం, పెట్టిన ప్రతి చుక్క కోసం నీకు స్తోత్రం. ఆ పేర్లలో ఒక్కటీ తప్పిపోకుండా కాపాడు. ఇక్కడ నిలబడిన వాళ్ళమంతా నీ పిలుపు వినబడిన రోజున ఆమెతో కలిసి "వచ్చాం" అని సంతోషంగా పలికేలా చేయి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.