మామిడి సదస్సు కెరోసెల్: ఫైనల్ మ్యాటర్

తమ్ముడూ, శనివారం చిత్తూరులో జరిగిన మన మామిడి రైతుల సదస్సుకి కెరోసెల్ మ్యాటర్ ఇది. మొత్తం 9 స్లైడ్లు. సైజు 1080×1350 పెట్టు, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చాలామంది ఎండలో, పొలం గట్టు మీద నిలబడి ఫోన్ చూస్తారు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ రెండుసార్లు చూశాను. జ్యోతి వెలిగించేవి, శాలువాలు కప్పేవి, వేదిక మీద అందరూ వరసగా కూర్చున్నవి ఒక్కటీ తీసుకోలేదు. అవి వాళ్ళకి వాట్సాప్‌లో విడిగా పంపిద్దాం, సంతోషిస్తారు. ఈ పోస్టు మాత్రం ఆ రోజు రాలేకపోయిన రైతు కోసం. అతను చూసి, పక్క తోట ఆయనకి పంపేదిగా ఉందా లేదా అన్నదొక్కటే చూసుకుని ప్రతి స్లైడూ రాశాను. మాట్లాడినవాళ్ళు పేరు వద్దు, ఊరు కూడా వద్దు అన్నారు. అందుకే ఎవరి పేరూ వేయలేదు. ఫోటోకి మాత్రం అందరూ ఒప్పుకున్నారు, నేనే అడిగాను.

స్లైడ్ 1

*వచ్చే జూన్‌లో ట్రాక్టర్ క్యూలో నిలబడకముందే*
చిత్తూరు మామిడి రైతుల సదస్సులో మనం చెప్పుకున్నవి

ఫోటో: హాలు వెనక నుంచి తీసింది. భుజాల మీద తువ్వాళ్ళు, చివరి వరసలో నిలబడి వింటున్నవాళ్ళు. ముఖాలు కనపడకపోయినా ఎంత శ్రద్ధగా విన్నారో ఆ నిలబడిన తీరులోనే తెలుస్తోంది. దీన్ని కత్తిరించకు.

స్లైడ్ 2

*2025లో ఏమైంది?*
తోతాపురి కాయ అంతా కొన్ని వారాల్లోనే కోతకి వచ్చింది. ఫ్యాక్టరీల్లో అంతకు ముందు సీజన్ గుజ్జు ఇంకా నిల్వ ఉంది. ధర పడిపోయింది. కిలోకి 12 రూపాయలు అని ప్రభుత్వం చెప్పింది: ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం కలిపేది 4. పక్క రాష్ట్రాల తోతాపురి మన జిల్లాలోకి రాకుండా ఆపారు. దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు.

ఫోటో వద్దు. పచ్చి తోతాపురి రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద 12 = 8 + 4 అని పెద్దగా వేసి, మిగతా మ్యాటర్ కింద చిన్నగా పెట్టు.

స్లైడ్ 3

"మూడు దినాలు ట్రాక్టరు కిందే పండుకున్నా. నా వంతు వచ్చేసరికి అడుగు వరస కాయ మెత్తబడిపోయింది. ర్యాంపులో వాళ్ళు చెప్పిన రేటుకే తోలేసి వచ్చినా. ఇంటికి పోయి ఆ రేటు మా ఆడమనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు."
*ఆరెకరాల తోతాపురి రైతు*

ఫోటో: ఆయన మైకు పట్టుకున్నది కాదు. జేబులోంచి పాత టోకెన్ తీసి చూపించాడు చూడు, ఆ అరచేయి మాత్రమే ఉన్నది. మడతలు పడి అంకెలు సగం చెరిగిపోయిన ఆ కాగితాన్ని ఇన్ని నెలలు దాచుకున్నాడు. ఆయన మాటని సరిదిద్ది పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు, చెప్పినట్టే ఉండాలి.

స్లైడ్ 4

*ఫ్యాక్టరీ ఆగగలదు. కాయ ఆగలేదు.*
గుజ్జుని వేడి చేసి, క్రిములు లేకుండా సంచుల్లో నింపి, డ్రమ్ముల్లో పెడితే ఏడాదికి పైగా నిల్వ ఉంటుంది. చెట్టు మీద ముదిరిన కాయకి అంత గడువు లేదు. కోసిన కాయకి ఇంకా తక్కువ. ధర మాట్లాడుకోవాల్సింది కోతకి ముందు, కాయ ట్రాక్టర్ ఎక్కాక కాదు.
"ఒక్కో రైతు విడిగా వస్తే గేటు దగ్గరే మాట ఆగిపోతుంది. పది ఊళ్ళ కాయ ఒకరే మాట్లాడితే లోపల కుర్చీ వేస్తారు."
*పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన*

ఫోటో: బోర్డు మీద ఆయన గీసిన బొమ్మ. ఒక పక్క డ్రమ్ము, ఇంకో పక్క చెట్టు. సుద్దముక్కతో గీసిన వంకర గీతలే బాగున్నాయి, నువ్వు మళ్ళీ నీట్‌గా గీయొద్దు.

స్లైడ్ 5

(ఇది రెండు స్లైడ్లకి సరిపడేంత ఉంది, అయినా ఒకదాంట్లోనే పట్టించాను. ఆ రోజు అందరూ కుర్చీలు వదిలి టేబుల్ చుట్టూ మూగింది ఇక్కడే.)

*చెట్టు కొట్టేయొద్దు. పైన రకం మార్చొచ్చు.*
1. ముసలి చెట్టు కొమ్మల్ని ఎత్తులో కోసేయాలి. కోసిన చోట బోర్డో పేస్ట్ పూయాలి.
2. కొత్త చిగుళ్ళు గుత్తులుగా వస్తాయి. కొమ్మకి రెండు మూడు బలమైనవి ఉంచి మిగతావి తీసేయాలి.
3. అవి పెన్సిల్ మందం అయ్యాక, కావలసిన రకం పుల్ల తెచ్చి అంటు కట్టాలి. గాలి, నీళ్ళు పోకుండా ప్లాస్టిక్ రిబ్బన్ బిగించి చుట్టాలి.
4. అంటు కింద తోతాపురి చిగురు మళ్ళీ మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా తుంచేయాలి.
కాపు తిరిగి మొదలవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అందుకే తోటంతా ఒకేసారి చేయొద్దు. ఈ ఏడాది ఒక వరస, వచ్చే ఏడాది ఇంకో వరస.

"కింద వేరు మా మామ నాటింది. కొట్టేస్తానంటే ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నా అంటు పుల్లలకి ఆయనే నీళ్ళు చల్లుతా ఉండాడు."
*అంటు కట్టి చూపించిన మహిళా రైతు*

ఫోటో: ఆమె వేళ్ళ మధ్య అంటు పుల్ల, చాకు. దగ్గర నుంచి తీసినది. ఆమె నవ్వుతున్న ఫోటో ఇంకా బాగుంది, నాకూ తెలుసు. కానీ పుల్లని ఎలా చెక్కారో ఈ ఫోటోలోనే కనపడుతుంది. చూసి నేర్చుకునేవాళ్ళకి అది కావాలి. నవ్వుతున్నది ఆమెకి ప్రింట్ వేయించి ఇద్దాం.

స్లైడ్ 6

*పండు ఈగ: ఒక్క తోటలో బుట్ట కడితే చాలదు*
ఆడ ఈగ ముదురుతున్న కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది. పురుగు కాయలో పెరిగి, నేలలోకి దిగి, మళ్ళీ ఈగై లేస్తుంది. మిథైల్ యూజినాల్ బుట్టలో పడేవి మగ ఈగలు మాత్రమే. పక్క తోటలో బుట్ట లేకపోతే అక్కడి ఆడ ఈగ మన కాయ మీదికి వస్తుంది. ఊరంతా ఒకేసారి, కాయ ముదరకముందే కట్టాలి. రాలిన కాయని చెట్టు కిందే వదలకుండా ఏరి లోతుగా పూడ్చాలి.

ఫోటో: నీళ్ళ బాటిల్‌కి రంధ్రాలు పెట్టి చేసిన బుట్ట, అడుగున ఈగలు కుప్పగా ఉన్నది. చూడ్డానికి బాగోదని నువ్వన్నావు. రైతు వేలు ఆగేది దీని దగ్గరే, ఉంచు.

స్లైడ్ 7

*మాగబెట్టి అమ్మేవాళ్ళకి*
కాల్షియం కార్బైడ్ వాడకం నిషేధం. ఆహార భద్రత నిబంధనల్లో 2011 నుంచే ఉంది. దాంట్లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండే ప్రమాదం ఉంది. ఇథిలిన్ గ్యాస్‌కి అనుమతి ఉంది, 100 పీపీఎం మించకూడదు. కాయ మాత్రం ముదిరి ఉండాలి. లేత కాయని ఏ గ్యాసూ తీపి చేయలేదు.

ఫోటో లేదు. చిన్న స్లైడ్, చదివి ముందుకి జరిగిపోతారు.

స్లైడ్ 8

*ఈ కాగితాలు పారేయొద్దు*
ఈ-క్రాప్‌లో తోట నమోదైందా, ఎన్ని ఎకరాలు రాశారు అన్నది రైతు సేవా కేంద్రంలో సీజన్‌కి ముందే చూసుకోండి. టోకెన్, కాటా చీటీ, ఫ్యాక్టరీ రసీదు: మూడూ అందిన రోజే ఫోన్లో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపండి. చీటీ మీద అంకెలు ఎండకి చెరిగిపోతాయి.

ఫోటో: మూడు కాగితాలూ బల్ల మీద పరిచి తీసినది. పేర్లు, ఖాతా నంబర్లు, బండి నంబరు బ్లర్ చేయి. చేశాక నాకు చూపించు, ఒక్క అంకె కూడా కనపడకూడదు.

స్లైడ్ 9

"తోట మాది కాదన్నా. గుత్తకి తీసుకున్నాం. మందు మాది, కూలి మాది, కాయ మాది. సబ్సిడీ ఎవరి ఖాతాలో పడాల?"
*చివరి వరసలోంచి లేచి అడిగిన గుత్త రైతు*

*ఈ ప్రశ్నకి సదస్సులో జవాబు రాలేదు.*

ఫోటో: ఆయన నిలబడి అడుగుతుంటే ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తున్నది. మొదట ఇక్కడ ధన్యవాదాల స్లైడ్ రాశాను, తీసేశాను. హాల్లో చప్పట్లకన్నా ఎక్కువసేపు నిలిచింది ఈ ప్రశ్న తర్వాత వచ్చిన మౌనమే. మన పోస్టులో కూడా అది అలాగే కనపడాలి. లోగో కింద మూలన చిన్నగా, ఈ ఒక్క స్లైడ్‌లోనే.

క్యాప్షన్

బంగారుపాళ్యం, దామలచెరువు మండీలకి కాయ తోలేవాళ్ళు, ర్యాంపుల దగ్గర రాత్రుళ్ళు కాచుకున్నవాళ్ళు, తోతాపురి తీసేసి ఇంకేదైనా వేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్ళు... అందరూ ఒకే హాల్లో కూర్చున్నారు. పూత రాకముందే కూర్చోవాలని పట్టుబట్టి పెట్టుకున్న సదస్సు ఇది. కాయ దిగాక మాట్లాడుకోవడానికి ఎవరికీ తీరిక ఉండదు.

5వ స్లైడ్ సేవ్ చేసుకోండి. చిగుళ్ళు పెన్సిల్ మందం అయ్యేసరికి మళ్ళీ అవసరం పడుతుంది. 6వ స్లైడ్ మీ పక్క తోట వాళ్ళకి పంపండి, వాళ్ళు బుట్ట కట్టకపోతే మీ బుట్ట సగమే పనిచేస్తుంది. 9వ స్లైడ్‌లోని ప్రశ్న మీది కూడా అయితే, ఏ మండలమో, ఎన్ని ఎకరాలు గుత్తకి చేస్తున్నారో మెసేజ్ పెట్టండి. ఆ మెసేజ్‌లన్నీ ఒక కాగితం మీద రాసి ఉద్యాన శాఖ అధికారులకి ఇస్తాం.

#తోతాపురి #చిత్తూరుమామిడి #మామిడిరైతు

క్యాప్షన్ ఇంతకన్నా పెంచొద్దు తమ్ముడూ. మొదటి రెండు లైన్లే బయటికి కనపడతాయి, అందుకే మండీల పేర్లు ముందు పెట్టాను. వాళ్ళ ఊరి పేరు కనపడితే తెరుస్తారు.

ఆదివారం రాత్రి ఏడున్నరకి పెడదాం, పశువుల పని అయిపోయి అన్నానికి కూర్చునే వేళ. పెట్టే ముందు 3వ స్లైడ్ టోకెన్ రైతుకి పంపు, ఆయన సరే అన్నాకే పబ్లిష్ నొక్కు. ఆయన ఫోన్లో ఇన్‌స్టా లేదు. కొడుకు నంబర్ నీకు విడిగా పంపుతాను.