ఇటుక రంగు

మేస్త్రి వచ్చి పాత గచ్చు పగలగొట్టి మూడు రోజులైంది. టైల్స్ రంగు మాత్రం తేలలేదు. స్నానాలకి ఎదురింటి వాళ్ళ బాత్రూమ్‌కి బకెట్ పట్టుకుని వెళ్తున్నాం. ఎనభై మూడేళ్ళ అత్తయ్య గారిని చెయ్యి పట్టుకుని వీధి దాటించాల్సి వస్తోంది.

"కాలువ కట్టేసే లోపు అయిపోవాలమ్మగారూ," అన్నాడు మేస్త్రి. మాది పాలకొల్లు, నర్సాపురం మధ్య ఊరు. దాళ్వా కోతలయ్యాక కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. తర్వాత ఇక మా బోరు నీళ్ళే గతి. ఆ ఉప్పు నీళ్ళతో సిమెంటు కలిపితే నాలుగు నెలలకి అతుకుల్లోంచి తెల్లగా ఉప్పు పూస్తుంది. అందుకే మేస్త్రికి ఆ తొందర.

మా ఆయన మాట ఒకటే. "తెలుపు. నున్నగా మెరిసే తెలుపు."

ఎందుకో నాకు తెలుసు. మా పెళ్ళయిన కొత్తలో ఈ ఇంట్లో బాత్రూమే లేదు. కొబ్బరి తోట చివర తాటాకు దడి ఉండేది. ఒక ఏడాది దాళ్వా బాగా పండితే ఆ డబ్బుతో ఈ గది కట్టించి, నేలకీ, గోడలకి నడుము ఎత్తు వరకూ తెల్ల పలకలు వేయించారు. ఆ రోజు మావయ్య గారు అరచేత్తో గోడంతా నిమిరి, "అద్దంలా ఉందిరా," అన్నారు. ఆ మాట మా ఆయనకి ఈరోజుకీ చెవిలో ఉంది. నేను కాదనను.

కానీ ఆ తెలుపుని పాతికేళ్ళు తోమింది నేను. మా బోరు నీళ్ళలో ఇనుము ఉంది. బకెట్లో పట్టినప్పుడు తేటగానే ఉంటాయి, గంట ఆగితే అడుగున ఎర్రగా పేరుకుంటుంది. కుళాయి కింద నుంచి తూము దాకా ఎర్రటి చార. నిమ్మచెక్క, చింతపండు, చివరికి యాసిడ్ కూడా పోసి తోమాను. యాసిడ్‌తో చార పోయేది, దాంతో పాటు పలక నునుపూ పోయేది. తర్వాతి చార ఇంకా గట్టిగా పట్టుకునేది.

హైదరాబాద్ నుంచి మా అబ్బాయి వీడియో కాల్‌లో తన ఫ్లాట్ బాత్రూమ్ చూపించాడు. "నాన్నా, ఇప్పుడు తెలుపెవరు వేస్తున్నారు? ముదురు బూడిద రంగు, మ్యాట్ ఫినిష్. మరకే కనబడదు."

"మీకొచ్చే నీళ్ళు వేరురా. మన నీళ్ళు ముదురు రంగు మీద ఆరితే చుక్క చుక్కకీ తెల్ల మచ్చే. తెలుపు మీద ఇనుము కనబడుతుంది, నలుపు మీద ఉప్పు కనబడుతుంది. నాకు బిస్కెట్ రంగు కావాలి," అన్నాను.

"బిస్కెట్ రంగు! కట్టిన రోజు నుంచే మురికి పట్టినట్టు ఉంటుంది," అన్నారు ఆయన.

"తోమేది మీరైతే తెలుపే వేయించండి."

అనకూడని మాటేమీ కాదు. కానీ మేస్త్రి ముందు అన్నాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని అరుగు మీదకి వెళ్ళిపోయారు. రాత్రి అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. అబ్బాయి ఫోన్ చేసి, "డబ్బులు పంపేది నేనైతే నా మాటకి విలువ లేదా?" అన్నాడు. ఆ మాటకి నాకు నిజంగా కష్టం వేసింది. ఆయన విన్నారు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

ఈ గొడవంతా దేనికి మొదలైందో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. మాఘమాసంలో అత్తయ్య గారు బాత్రూమ్‌లో పడ్డారు. ఎముక విరగలేదు కానీ తుంటి మీద నెల రోజులు నల్లగా కమిలి ఉంది. కమోడ్ పెట్టించమని, గోడకి పట్టుకునే రాడ్ బిగించమని డాక్టరు గారు చెప్పారు. అప్పటి నుంచి ఆవిడ గడియ పెట్టుకోకుండా స్నానం చేస్తున్నారు. నేను లోపలే గోడ వైపు తిరిగి నిలబడతాను. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి నా ముందు పైట కూడా చెదరనివ్వని మనిషి. ఆ కాసేపూ ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోం.

నాలుగో రోజు పొద్దున కొట్టు వాళ్ళ దగ్గర రంగుకొక ముక్క శాంపిల్ అడిగి తెచ్చాను. అరుగు మీద పరిచి, బోరు నీళ్ళు చల్లి, ఎండలో ఆరనిచ్చాను. తెల్లది, బూడిదది, బిస్కెట్ రంగుది. కొట్టు కుర్రాడు ఇంకొకటి కూడా సంచిలో వేశాడు. గరుకుగా, ఇటుక రంగులో ఉంది.

అత్తయ్య గారు స్తంభం పట్టుకుని వచ్చి నిలబడ్డారు. ఆవిడకి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు.

"ఆ తెల్ల దాని మీద తెల్ల చెంబు పెట్టమ్మా," అన్నారు.

తెల్ల ప్లాస్టిక్ మగ్గు తెచ్చి పెట్టాను. ఆవిడ వంగి చూశారు. చెయ్యి చాపితే మగ్గుకి జానెడు ఇవతల పడింది.

"ఇదీ సంగతి. ఆ రోజు జారి పడ్డానని మీరంతా అనుకున్నారు. జారలేదు. గుమ్మం దగ్గర గట్టు ఉంది కదా, గట్టూ తెలుపే, కింద నేలా తెలుపే. అంతా ఒకటేలా కనబడింది. నేల అక్కడే ఉందనుకుని అడుగేశాను. లేదు."

"మరి చెప్పలేదేమమ్మా?" అన్నారు ఆయన. మూడు రోజుల్లో అరుగు మీద నుంచి ఆయన నోరు విప్పడం అదే.

"మీ నాన్న ముచ్చటపడ్డ గది రా. దానికి వంక పెట్టనా?"

ఆయన ఏమీ అనలేదు. మగ్గు తీసి బూడిద రంగు ముక్క మీద పెట్టారు. మగ్గు తెలిసింది కానీ, "నేల గొయ్యిలా ఉంది, కాలు పెట్టడానికి భయం," అన్నారు ఆవిడ. బిస్కెట్ రంగు మీద కాస్త నయం. ఇటుక రంగు మీద పెట్టగానే ఆవిడ చెయ్యి తిన్నగా మగ్గు పిడి మీదకి వెళ్ళింది. చెప్పు విడిచి ఆ ముక్క మీద కాలు మోపి చూసుకున్నారు. నీళ్ళు పోసినా జారలేదు.

ఇనుము చార ఇటుక రంగులో కలిసిపోతుందని నాకు అప్పుడు తట్టింది. పైకి అనలేదు. అది నా గెలుపులా వినబడుతుందని అనిపించింది.

ఆ మధ్యాహ్నం ఆయనే మోటార్ సైకిల్ తీసి పాలకొల్లు వెళ్ళారు. నేల ఆరడుగులు, అయిదడుగులు. ఫుట్ బై ఫుట్ పలకలు ముప్ఫై, విరిగేవాటికి ఇంకో నాలుగు. ఒకే బ్యాచ్‌వి ముప్ఫై మాత్రమే ఉన్నాయట. రంగులో కాస్త తేడా ఉన్న నాలుగు పలకలు కూడా తెచ్చి, కమోడ్ వెనక వేయమని మేస్త్రికి చెప్పారు. గోడలకి మీగడ రంగు. గుమ్మం గట్టు తీసేయించి, తూము వైపు వాలు ఇప్పించారు. అబ్బాయికి ఫోటో పంపితే, "పాత ఇంటి గచ్చులా ఉంది," అని పెట్టాడు. కాసేపాగి, "నానమ్మకి కనబడుతోందా?" అని మళ్ళీ పెట్టాడు.

పాత పలకల్లో పగలనిది ఒకటి ఆయన కడిగి తెచ్చి అల్మరాలో పెట్టుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

అతుకులు ఆరాక ఆదివారం నాడు మొదటి స్నానం అత్తయ్య గారిది. వేడి నీళ్ళు తొలిపి, తువ్వాలు భుజాన వేసుకుని, అలవాటు ప్రకారం నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. ఆవిడ నా భుజం మీద నుంచి తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు.

"గడియ పెట్టుకోవద్దని చెప్పు," అన్నారు ఆయన కంగారుగా అరుగు మీద నుంచి.

నేను చెప్పలేదు. నీళ్ళ చప్పుడు వింటూ అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.