ఇంటర్వ్యూ ప్రశ్న: నిన్నటి తేదీతో సంతకం

ప్రశ్న: రేపు ఆడిట్. ల్యాబ్‌లో తూకం వేసే బ్యాలెన్స్ లాగ్‌బుక్‌లో నిన్నటి డైలీ వెరిఫికేషన్ ఎంట్రీ లేదు. "నిన్నటి తేదీ వేసి సంతకం పెట్టేయ్" అన్నారు మీ మేనేజర్. ఏం చేస్తారు?

జవాబు: ముందు, నిన్న వెరిఫికేషన్ చేశారో లేదో కనుక్కుంటాను సార్. చేసుంటే ప్రింటౌట్ ఉంటుంది. చేసినవాళ్లే ఈరోజు తేదీతో లేట్ ఎంట్రీ రాసి, కారణం రాసి, ప్రింటౌట్ జతచేస్తే సరిపోతుంది. చేయకపోతే మాత్రం డీవియేషనే, అంటే పద్ధతి తప్పిందని రికార్డు చేయాల్సిందే. నిన్న దాని మీద తూచిన శాంపిల్స్ కూడా చూడాలి. మేనేజర్‌తో పక్కకెళ్లి ఇదే చెప్తాను, డీవియేషన్ డ్రాఫ్ట్ చేతిలో పెట్టుకుని. ఆడిట్ ముందురోజు ఆయన కంగారు నాకూ అర్థమవుతుంది.

ప్రశ్న: అయినా వినకపోతే?

జవాబు: సంతకం పెట్టను. క్వాలిటీ అష్యూరెన్స్ వాళ్లకి చెప్తాను, ఆ మాట ముందు ఆయనకే చెప్పి.