నాన్నగారి ఆదరణ కూడికలో నాలుగు మాటలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. అయ్యగారికి, సంఘ పెద్దలకు, దూరం నుంచి వచ్చిన బంధువులకు, పనులు మానుకుని వచ్చిన మా వీధివారికి మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. మాట్లాడమని అడిగినప్పుడు నావల్ల కాదన్నాను. గొంతు నిలబడినంత వరకు మాట్లాడతాను.

మీరు కూర్చున్న ఈ బల్లలు నాన్న చేసినవేనని మీకు తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఆయన చేసిన పెట్టెల గురించి. ఈ చుట్టుపక్కల మన విశ్వాసులు ఎవరు కన్నుమూసినా కబురు ముందు అయ్యగారికి, ఆ తర్వాత మా ఇంటికి వచ్చేది. అర్ధరాత్రయినా నాన్న లేచి షెడ్డులో లైటు వేసుకుని చెక్క కోసేవారు. పెట్టెకు పైన చిత్రిక పట్టడం అందరూ చేసేదే. నాన్న లోపల కూడా ఉప్పు కాగితంతో రుద్దేవారు. మూలల్లో వేళ్లు పెట్టి తడిమి, చిన్న పేడు తగిలినా మళ్ళీ మొదలుపెట్టేవారు. లోపల ఎలాగూ గుడ్డ పరుస్తారు, ఎవరు చూస్తారు నాన్నా అని ఒకసారి అడిగాను. “పడుకునే మనిషికి గుచ్చుకోకూడదు కదరా” అన్నారు.

మనం చనిపోయారు అనం, ప్రభువునందు నిద్రించారు అంటాం. అలవాటుగా అనేస్తాం, కార్డుల మీద వేయిస్తాం. నాన్న ఆ మాటను నమ్మారు. తొలినాటి క్రైస్తవులు తమవారిని పాతిపెట్టిన చోటును గ్రీకు భాషలో నిద్రించే చోటు అనే పిలిచారు. ఇంగ్లీషులో సెమెటరీ అన్న మాట దాని నుంచే వచ్చింది. నిద్రపోయిన మనిషిని లేపేవాడు ఒకడున్నాడు. మా నాన్న ఆ ఉప్పు కాగితం పట్టుకున్న ప్రతిసారీ ఒప్పుకున్న విశ్వాసం అదే.

అయితే ఆయన ఏడవని మనిషి కాదు. 1996 నవంబరు తుపాను మన కోనసీమను ఊడ్చేసినప్పుడు నేను నాలుగో తరగతి. కొబ్బరిచెట్లు దారులకు అడ్డంగా పడి ఉన్నాయి. నాన్న వరసగా పెట్టెలు చేస్తూనే ఉన్నారు. ఒక సాయంత్రం చిన్న పెట్టె ఒకటి ఇచ్చి వచ్చి, షెడ్డులో చెక్కపొట్టు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చారు. నేను భయపడి, “పరలోకానికే కదా నాన్నా వెళ్లింది, ఎందుకు ఏడుస్తున్నావు?” అన్నాను. ఆదివారం బడిలో నేర్చుకున్న జవాబు అది. “యేసయ్య ఏడవలేదా?” అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

ఈ పది రోజులూ ఆ మాట వెంటబడి యోహాను సువార్త పదకొండో అధ్యాయమే చదువుతున్నాను. లాజరు సమాధిలో పడి నాలుగు రోజులైంది. తాను లేపబోతున్నానని ప్రభువుకు తెలుసు. అయినా “యేసు కన్నీళ్లు విడిచెను” అని ఉంది. కాసేపట్లో తిరిగి రాబోయే స్నేహితుడి కోసం ఆయనే ఏడిస్తే, ఎంతకాలం ఎదురుచూడాలో తెలియని మనం ఏడవడం అవిశ్వాసం ఎలా అవుతుంది? థెస్సలొనీకయులకు రాస్తూ పౌలు కూడా నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దన్నాడు కాని, అసలు దుఃఖపడవద్దని అనలేదు.

మార్త, మరియ ఇద్దరూ ఆయనతో ఒకే మాట అన్నారు: నీవు ఇక్కడ ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడు అని. ఆ మాట నేనూ అన్నాను. ఆసుపత్రి వరండాలో, కోపంగానే అన్నాను. హైదరాబాదు నుంచి ఒక్క రోజు ముందు నేను బయలుదేరి ఉంటే అని నన్ను నేనూ అనుకున్నాను. ప్రభువు ఆ అక్కచెల్లెళ్లను గద్దించలేదు. “పునరుత్థానమును జీవమును నేనే” అని ఒకరితో చెప్పాడు, మరొకరితో కలిసి ఏడ్చాడు. నాకు ఆ రెండూ కావాలి. ఒకటి లేకుండా మరొకటి నాకు ఆదరణగా లేదు.

నాన్న పెట్టెను ఆయన దగ్గర పని నేర్చుకున్న తమ్ముడే చేశాడు. వెనక నిలబడి ఉన్నాడు. ఆ ఉదయం ఎవరూ చూడకుండా పెట్టె లోపల చెయ్యి పెట్టి చూశాను. నాలుగు మూలలా తడిమాను. ఎక్కడా గరుకు తగల్లేదు. తమ్ముడూ, ఆ రోజు నీకు చెప్పలేకపోయాను.

ఒక్క మనవి. మా అమ్మను ఏడవవద్దని ఎవరూ అనకండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు ఏమీ మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. మీరూ వచ్చి కాసేపు అమ్మ పక్కన కూర్చోండి. ఆమె నాన్న గురించి చెబితే వినండి, చెప్పిందే మళ్ళీ చెప్పినా వినండి.

ఇప్పుడు అయ్యగారు ప్రార్థన చేస్తారు. బయట పందిట్లో వడ్డన మొదలైంది, అందరూ భోజనం చేసి వెళ్లండి. వందనాలు.