టెర్రస్ సోలార్ 30 కిలోవాట్: కొటేషన్ల కంపారిజన్ షీట్, 2026-27 బడ్జెట్ కోసం

కమిటీ మెంబర్లందరికీ,

ఏప్రిల్ 12 ఆదివారం మీటింగ్‌లో సోలార్‌కి బడ్జెట్‌లో ఎంత పెట్టాలో తేల్చేయాలి కాబట్టి వచ్చిన నాలుగు కొటేషన్లూ ఒకచోట పెట్టాను. "13.80 లక్షలకే చేస్తారంట కదా" అని గ్రూప్‌లో నడుస్తున్న మాట కాసేపు పక్కన పెట్టి ఇది మొత్తం చదవండి, ఎందుకంటే కింద రాసిన రేటు ఒకటి, మన జేబులోంచి పోయేది ఇంకొకటి.

నలుగురూ నాలుగు రకాలుగా రాశారు, ఒకళ్ళు జీఎస్టీ కలిపారు ఒకళ్ళు కలపలేదు, ఒకళ్ళు స్ట్రక్చర్ విడిగా వేశారు. అందుకే అందర్నీ ఒకే లెక్కకి తెచ్చా: 30 కిలోవాట్, 8 అడుగుల ఎత్తు స్ట్రక్చర్, నెట్ మీటర్ పని, జీఎస్టీ అన్నీ కలిపి.

| వెండర్ | రాసిన రేటు | అన్నీ కలిపాక | సబ్సిడీ పోగా | ధరలో ర్యాంక్ | రూల్స్‌కి సరిపోయిందా |
|---|---|---|---|---|---|
| చర్లపల్లి వాళ్ళు | 17,25,000 | 17,25,000 | 11,85,000 | 1 | సరిపోయింది, అడ్వాన్స్ ఎక్కువ అడిగారు |
| బాలానగర్ వాళ్ళు | 15,60,000 | 17,96,850 | 12,56,850 | 2 | మెయింటెనెన్స్ 1 ఏడాదే |
| మణికొండ వాళ్ళు | 16,20,000 | 18,09,180 | 12,94,380 | 3 | కెపాసిటీ తక్కువ |
| కూకట్‌పల్లి వాళ్ళు | 13,80,000 | 16,77,820 | 16,77,820 | 4 | డీసీఆర్ ప్యానెల్స్ కాదు |

కూకట్‌పల్లి వాళ్ళ సంగతే ముందు చెప్తా, అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. పీఎం సూర్యఘర్‌లో అపార్ట్‌మెంట్ కామన్ మీటర్లకి కిలోవాట్‌కి 18,000 చొప్పున సబ్సిడీ ఉంది, అంటే మనకి 5,40,000. కానీ అది రావాలంటే ప్యానెల్స్ డీసీఆర్‌వి, అంటే సెల్స్‌తో సహా ఇండియాలో తయారైనవే ఉండాలి. వీళ్ళు కొటేషన్‌లో "మోనో ప్యానెల్స్" అని రాసి వదిలేశారు, ఫోన్ చేసి అడిగితే డీసీఆర్ కాదండీ, అందుకే ఆ రేటు అన్నారు. దానికి తోడు స్ట్రక్చర్‌కి 1,35,000, నెట్ మీటర్‌కి 40,000 విడిగా. ఇంతా చేసి సబ్సిడీ సున్నా.

జీఎస్టీ దగ్గర ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ సామాను మీద 12 శాతం కాస్తా 5 శాతం అయింది, సామాను 70 వంతులు సర్వీస్ 30 వంతులుగా లెక్కేస్తే మొత్తం బిల్లు మీద 8.9 శాతం పడుతుంది. మణికొండ వాళ్ళు ఇంకా పాత 13.8 శాతమే వేశారు, నేను దిద్ది లెక్కేశాను, నెట్ మీటర్‌కి వాళ్ళు విడిగా అడిగిన 45,000 కూడా కలిపా. ఇంకో విషయం, వాళ్ళ సామాను లిస్టులో 550 వాట్ల ప్యానెల్స్ 52 ఉన్నాయి, అంటే 28.6 కిలోవాట్లే, రేటు మాత్రం 30కి. సబ్సిడీ కూడా ఆ 28.6 మీదే వస్తుంది. ఇది పొరపాటే అయుండొచ్చు, కానీ రాతపూర్వకంగా సరిచేసి ఇచ్చేదాకా వీళ్ళని ముందుకి తీసుకోవద్దు.

బాలానగర్ వాళ్ళు పనిమంతులే, మాట్లాడితే నమ్మకం కుదిరింది కూడా. కాకపోతే స్కీమ్ ప్రకారం 5 ఏళ్ళ మెయింటెనెన్స్ వెండరే చూడాలి, వీళ్ళు 1 ఏడాదే రాశారు. 8 అడుగుల స్ట్రక్చర్‌కి 90,000 ప్లస్ జీఎస్టీ అని మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ ఎత్తు ఎందుకు అని ఒకరిద్దరు అడిగారు, ఎండాకాలం వచ్చిందంటే వడియాలూ అప్పడాలూ బట్టలూ అన్నీ టెర్రస్ మీదే కదండీ, నడుం ఎత్తులో ప్యానెల్స్ పెడితే సుమారు 3,000 చదరపు అడుగులు ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

చర్లపల్లి వాళ్ళది చూడ్డానికి అందరికంటే ఎక్కువ, లెక్కేస్తే తక్కువ. 55 ప్యానెల్స్, డీసీఆర్ అని రాసిచ్చారు, గాల్వనైజ్డ్ స్ట్రక్చర్, 5 ఏళ్ళ మెయింటెనెన్స్, స్లాబ్‌కి డ్రిల్ వేయకుండా కాంక్రీట్ దిమ్మల మీద నిలబెడతామన్నారు (పోయినేడు వాటర్‌ప్రూఫింగ్‌కి ఎంత పోశామో గుర్తుందిగా). ఒక్క చిక్కు, 50 శాతం అడ్వాన్స్ అడుగుతున్నారు. మనం అడిగింది 30 అడ్వాన్స్, 50 సామాను దిగాక, 20 నెట్ మీటర్ పెట్టాక. ఆ చివరి 20 మాత్రం వదలొద్దు, నెట్ మీటర్ పని సాగదీయకుండా మన చేతిలో ఉండే పట్టు అదొక్కటే.

నా సిఫార్సు చర్లపల్లి, వాళ్ళు అడ్వాన్స్ తగ్గించకపోతే బాలానగర్, అదీ 5 ఏళ్ళ మెయింటెనెన్స్ అదే రేటుకి రాసిస్తేనే.

బడ్జెట్‌లో 11,85,000 అని మాత్రం పెట్టకండి. సబ్సిడీ పని పూర్తయ్యాకే సొసైటీ అకౌంట్‌లో పడుతుంది, అప్పటిదాకా వెండర్‌కి మొత్తం మనమే కట్టాలి. ఖర్చు కింద 17,25,000, కేబుల్, సివిల్ పనులకి 60,000, మొత్తం 17,85,000. సబ్సిడీ 5,40,000 రావాల్సిన వాటి కింద విడిగా చూపిద్దాం. ఇంకా కామన్ మీటర్ బిల్డర్ పేరు మీదే ఉంది, సొసైటీ పేరుకి మార్చే అప్లికేషన్ మీటింగ్ లోపే పెట్టేయాలి, సెక్రటరీ గారు సంతకం చేస్తే శుక్రవారం నేనే కరెంటాఫీసుకి వెళ్ళొస్తా.

ట్రెజరర్