అమ్మమ్మ ఆవకాయ: నాలుగు వీడియోలకీ టైటిల్ కార్డులు

బావా, కార్డుల మీద వెయ్యాల్సిన మాటలు ఇవి. ఒక్కోటీ మూడు సెకన్లే కనపడుతుంది కదా, అందుకే అన్నీ పైకి చదివి చూసి, ఊపిరి చాలనివి కొట్టేశాను. లైను నేను విరిచిన చోటే విరువు. ఫాంట్ రామభద్ర అయితే లైన్ల మధ్య కాస్త ఖాళీ వదులు, లేకపోతే పై లైను ఒత్తులు కింది లైను తలకట్ల మీద పడతాయి.

మొదటిది, కాయలు

పులుపున్న కాయే
పచ్చడిని కాస్తుంది

కొత్తపల్లి కొబ్బరి
కొరికితే కరకర

టెంక ముదిరాకే
కత్తి దిగాలి

కడగడం ఒక వంతు
తుడవడం మూడు వంతులు

ఈ ఆఖరిది అమ్మమ్మ పాత చీర ముక్కతో కాయలు తుడిచే షాట్ మీద వెయ్యి. అక్కడ పాట పెట్టకు, ఆ గుడ్డ చప్పుడు చాలు.

రెండోది, కొట్టడం

జీడి తియ్యి
టెంక ఉంచు

టెంక వదిలిన ముక్క
నెలకే మెత్తన

కత్తి మావయ్యది
కేకలు అత్తయ్యవి

మూడోది, కలపడం

దీనికి ఎక్కువ రాశాను, ఏది ఉంచాలో నువ్వే చూడు. "అమ్మ చేతి కమ్మదనం" వెయ్యమన్నావు గానీ, అది ప్రతి పచ్చడి సీసా మీదా ఉంటుంది. నేను వెయ్యను.

ఆవ తగ్గితే
పేరే పోతుంది

కారం రంగుకి
ఆవ ఘాటుకి

ఉప్పు లోటు
బూజుకి చోటు

తడి చెయ్యా?
జాడీ దగ్గరికి రాకు

పప్పునూనె పొయ్యి
లెక్క తర్వాత చూద్దాం

ముక్క మునిగితేనే
మూత

"ఉప్పు లోటు" మాత్రం తియ్యకు. అమ్మమ్మకి చదివి వినిపిస్తే నవ్వి, మళ్లీ చెప్పమంది. గిన్నె కొలతలు కార్డు మీద వద్దు, ఆవిడ నోటితోనే చెబుతోంది.

నాలుగోది, తినడం

మూడో రోజు
తిరగకలుపు

ఊట పైకొచ్చింది
నోరూ ఊరింది

బేసిన్‌లో కలిపిన ముద్దకి
వాటాదార్లు ఎక్కువ

వేడన్నం, వెన్న
ఇంక మాటల్లేవు

బేసిన్ ముద్ద కార్డు పిల్లలందరూ చేతులు చాపిన ఫ్రేమ్ మీదే పడాలి. అరసెకను ముందు పడినా నవ్వు రాదు.

అక్కకి జాడీ కట్టే ముక్క కూడా ఇందులోనే కలిపేస్తున్నాం కదా, దానికి రెండు:

సూట్‌కేసులో చీరలు రెండు
ఆవకాయ నాలుగు కిలోలు

డాలస్‌లో మూత తీస్తే
రాజమండ్రి వాసన

ఈ చివరిది నాలుగు సెకన్లు ఉంచు బావా. అక్క ఫోన్లో చూస్తుంది, కళ్లజోడు వెతుక్కోవాలి.