పెదనాన్న ఏబీజీ రిపోర్టు: శ్రీనుకి

శ్రీనూ, నువ్వు పంపిన మూడు ఏబీజీ స్లిప్పుల, అంటే ధమని రక్తంలో వాయువులూ ఆమ్లమూ కొలిచే పరీక్ష కాగితాల, ఫోటోలూ చూశాను. ఫోన్లో చెబితే సగం పెద్దమ్మ ఏడుపులో పోతుంది, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదివి బాబాయికి కూడా చూపించు. నేను ఐసీయూలో పదకొండేళ్ళుగా నర్సునే కానీ పెదనాన్న మంచం దగ్గర లేను. అక్కడి డాక్టరు గారు చెప్పిందే చివరి మాట.

మూడింటినీ ఒకచోట రాసుకున్నాను.

```
Time    21:40   23:50   06:30
pH       7.22    7.30    7.36
pCO2     82      68      59    mmHg
HCO3     33.1    32.8    32.6  mmol/L
pO2     112      63      61    mmHg
```

రాత్రి నువ్వు అడిగింది ఒకే మాట. "112 ఉన్న ఆక్సిజన్ 61కి పడిపోయింది, వీళ్ళేమో మానిటర్‌లో 90 చాలంటున్నారు, గొడవ పెట్టుకోమంటావా అక్కా?" అని. వద్దు. పడిపోలేదు, కావాలనే తగ్గించారు. ఎందుకో అర్థం కావాలంటే ముందు పై మూడు వరుసలూ చూడాలి.

పీహెచ్ అంటే రక్తంలో ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె. మామూలుగా 7.35 నుంచి 7.45 మధ్య ఉండాలి. కింద పడితే ఆమ్లం పెరిగినట్టు. 7.40కీ 7.22కీ తేడా నీకు చిల్లరలా కనిపిస్తుంది కానీ, ఆ కొలత లెక్క వేరు. 7.22 దగ్గర ఆమ్లం మామూలుకంటే ఒకటిన్నర రెట్లు. అందుకే అంబులెన్స్ దిగగానే జనరల్ వార్డు మాటెత్తకుండా నేరుగా ఐసీయూలోకి తీసుకెళ్ళారు.

ఆ ఆమ్లం ఎక్కడిదో రెండో వరుస చెబుతుంది. కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 ఉండాల్సింది 82 ఉంది. అది మనం వదిలే గాలితో బయటికి పోవాలి. పెదనాన్న ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోయి బయటికి రావడం లేదు. నలభై ఏళ్ళ చుట్టలు, దానికి తోడు పొగాకు బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు కాపలా, ఇప్పుడు ఈ జలుబూ కఫమూ. గురువారం సాయంత్రం కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కునుకు తీశాడని, చొక్కా మీద ఒలికిందని పెద్దమ్మ చెప్పింది కదా. మనం నవ్వుకున్నాం. అది నిద్ర కాదురా, కార్బన్ డయాక్సైడ్ తలకెక్కిన మత్తు.

మూడోది బైకార్బొనేట్. దీని పక్కన H అని ఉందని, కిడ్నీలు కూడా పోయాయేమోనని నువ్వు భయపడ్డావు. సరిగ్గా తిరగేసి చదవాలి. మామూలు 22 నుంచి 26. పెదనాన్నకి 33. ఊపిరితిత్తులు ఆమ్లాన్ని వదల్లేకపోతుంటే, దాన్ని సర్దడానికి కిడ్నీలు బైకార్బొనేట్‌ని దాచి పెడతాయి. అంటే కిడ్నీలు పని చేస్తున్నాయి, అదీ ఓవర్‌టైమ్. అయితే ఈ పని గంటల్లో అవదు, మూడు నుంచి అయిదు రోజులు పడుతుంది. నిన్న ఒక్కరోజే కార్బన్ డయాక్సైడ్ 82కి ఎగిరి ఉంటే బైకార్బొనేట్ 28 దగ్గరే ఆగేది. ఎన్నాళ్ళుగానో 82 ఉండి ఉంటే 40 దగ్గరికి చేరేది. 33 మధ్యలో ఉంది. అంటే పాత జబ్బు మీద కొత్త దెబ్బ. నిరుటి డిశ్చార్జ్ కాగితాల్లో ఎలక్ట్రోలైట్స్ కింద చూడు, బైకార్బొనేట్ 31 అని ఉంది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా. సంక్రాంతికి వచ్చినప్పుడు పొద్దున లేవగానే తలనొప్పి అనేవాడు, నేను అమృతాంజనం రాసి ఊరుకున్నా.

ఇప్పుడు నీ ఆక్సిజన్ సంగతి. అంబులెన్స్‌లో మాస్కు పెట్టి ఫుల్లుగా తిప్పేశారు. మానిటర్‌లో ఆక్సిజన్ 97 శాతం చూసి మనవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. అదే సమయంలో కార్బన్ డయాక్సైడ్ 82 ఉందని వేలికి పెట్టే క్లిప్పు చెప్పదు, ఏబీజీ ఒక్కటే చెబుతుంది. ఇలాంటి ఊపిరితిత్తుల్లో గాలి సరిగా ఆడని చోట్లకి రక్తం ఎక్కువ వెళ్ళకుండా నాళాలు వాటంతట అవే బిగుసుకుని ఉంటాయి. ఆక్సిజన్ అతిగా ఇస్తే ఆ బిగువు సడలి, పనికిరాని చోటికి రక్తం పోయి, కార్బన్ డయాక్సైడ్ వదలకుండానే తిరిగొస్తుంది. దానికి తోడు ఊపిరి వేగమూ కొంత తగ్గుతుంది. అందుకే సీఓపీడీ, అంటే పెదనాన్నలా ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకునే పాత జబ్బు ఉన్నవాళ్ళకి మానిటర్‌లో 88 నుంచి 92 శాతం మధ్య ఉంచుతారు. 90 అంటే పిసినారితనం కాదు, లెక్క. డ్యూటీ డాక్టరుతో నువ్వన్న మాటకి వీలైతే ఒక సారీ చెప్పు, ఆయనా రాత్రంతా మేలుకునే ఉన్నాడు.

రెండో స్లిప్పు నాటికి బైపాప్ పెట్టి రెండు గంటలు. బిగుతుగా ఉండే ఆ మాస్కు గాలిని లోపలికి నెట్టి, ఊపిరి తీసే కండరాల బరువు తాను మోస్తుంది. కార్బన్ డయాక్సైడ్ 82 నుంచి 68, పొద్దున 59. బైకార్బొనేట్ కదల్లేదు, అంత తొందరగా కదలదు కూడా. కార్బన్ డయాక్సైడ్ దిగింది కాబట్టే పీహెచ్ 7.36కి వచ్చింది. 59 ఇంకా ఎర్రగానే ప్రింటవుతోందని కంగారుపడకు. ఆయన రోజూ ఉండే చోటు దాదాపు అదే అయ్యుంటుంది. ఎవరైనా 40కి దించమని పట్టుబడితే, ఆ దాచుకున్న బైకార్బొనేట్‌తో పీహెచ్ పైకి దాటిపోతుంది, అదీ మంచిది కాదు. పెదనాన్న గొంతులోకి ఊపిరి కోసం ట్యూబ్ వేస్తారేమోనని రాత్రి నాకు భయం ఉండింది. పీహెచ్ పెరక్కుండా మత్తు పెరిగి ఉంటే అదే జరిగేది. ఆ గండం ఇప్పటికైతే దాటినట్టే ఉంది, కానీ కఫం తగ్గేదాకా గట్టిగా చెప్పలేను.

పెద్దమ్మ మణికట్టు దగ్గర నల్లగా కమిలిందని, కొట్టారా అని అడిగిందట. ఈ రక్తం మామూలు సిరలోంచి కాదు, నాడి కొట్టుకునే ధమనిలోంచి తీస్తారు. లోతుగా ఉంటుంది, నొప్పి ఎక్కువ, తర్వాత అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మూడుసార్లు తీస్తే కములుతుంది, పోతుంది. చేతివేళ్ళు చల్లబడినా, తెల్లబడినా, తిమ్మిరి అన్నా మాత్రం వెంటనే సిస్టర్‌కి చెప్పు.

పెద్దమ్మకి ఇంకోటి గట్టిగా చెప్పు. ఆకలేస్తోందని ఆయన సైగ చేసినా, మాస్కు పక్కకి తీసి ఇడ్లీ పెట్టొద్దు. కడుపులోకీ గాలి పోతూ ఉంటుంది, వాంతి వస్తే ఆ మాస్కులోనే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తినే టైము సిస్టర్లు చెబుతారు.

రౌండ్స్‌లో అడగాల్సినవి రెండే. బైపాప్ తీసి చూశాక మళ్ళీ ఏబీజీ ఎప్పుడు? ఇంటికెళ్ళాక రాత్రిపూట బైపాప్ కావాలా? బాబాయి కొంటానంటున్న ఆక్సిజన్ మెషిన్ తర్వాత చూద్దాం. ఎవరూ నాబ్ తిప్పకుండా ఉంటారని నాకు నమ్మకం లేదు.

తర్వాతి స్లిప్పు ఫోటో తీసేటప్పుడు పై వరుసలు కోసేయకు. ఎంత శాతం ఆక్సిజన్ మీద తీశారో FiO2 అని అక్కడే ఉంటుంది, అది లేకుండా pO2 చూసి ఏమీ చెప్పలేను. ఆ కాగితం ఏటీఎం రసీదు లాంటిది, జేబులో పెట్టుకుంటే చెమటకి అక్షరాలు పోతాయి. ముందు ఫోటో తియ్యి.